బాకీ తీరినా బయటికి రాని గుండ్ల దండ

నా కడుపు ఆపరేషన్‌కు డబ్బు సరిపోని రోజున, ఎవరూ అడగకముందే కోడలు తన మెడలోని బంగారు గుండ్ల దండ తీసి నా చేతిలో పెట్టింది. పెళ్లిలో ఆమె తల్లిగారు పెట్టిన దండ అది. బోయిగూడలో మా ఇంటికి దగ్గరున్న బంగారం లోన్ల కంపెనీలో నా పేరునే కుదువ పెట్టాను. రోగం నాది, అప్పూ నాదే.

ఆ అప్పు కోసం ఇంట్లో టీ ఎంత పలచబడిందో చెప్పుకోవడం నాకిష్టం లేదు. అసలూ వడ్డీ మొత్తం కట్టేశాం. లోన్ ముగిసింది, బాకీ ఏమీ లేదు అని ముద్ర వేసి రసీదు ఇచ్చారు. దండ మాత్రం ఇవ్వలేదు.

"లాకర్‌కు రెండు తాళాలమ్మా," అన్నాడు మేనేజర్. "ఒకటి నా దగ్గర, ఇంకోటి మా మేడమ్ దగ్గర. రెండూ ఉంటేనే తెరుసుకుంటది. మేడమ్ లీవ్‌ల ఉంది. సోమవారం రాండ్రి."

సోమవారం వెళ్తే మేడమ్ ఇంకా రాలేదన్నాడు. పైగా నాకే బుద్ధి చెప్పాడు. "ఇప్పుడే ఎందుకు విడిపిస్తరమ్మా? బంగారం రేటు మస్తు పెరిగింది. గదే దండ మీద ఇంకెక్కువ ఇస్తం, తీస్కోండ్రి."

నా ఒళ్ళు మండింది. గురువారం తిరుమలగిరిలో కోడలి చెల్లెలి పెళ్లి. అక్కడ అందరి కళ్ళూ దీని మెడ మీదే ఉంటాయి. నన్ను ఎవరూ ఏమీ అనరు. దీన్ని పక్కకు పిలిచి, "మీ అత్త అమ్ముకున్నదా ఏంది?" అని అడుగుతారు. నాకోసం మెడ ఖాళీ చేసుకున్న పిల్ల నా తరఫున జవాబు చెప్పుకోవాలా?

నేను చదివింది నాలుగో తరగతి. అయినా కూర్చుని అర్జీ రాశాను. "లోన్ పూర్తిగా కట్టాను. ముగిసినట్టు మీరిచ్చిన రసీదు నకలు జతచేశాను. నా వస్తువు నాకు ఇవ్వగలరు. ఇవ్వకపోతే ఎందుకు ఇవ్వరో రాసి ఇవ్వగలరు." రెండు ప్రతులు రాసి, బుధవారం కోడలిని వెంటబెట్టుకుని వెళ్ళాను.

"తెలుగుల రాసిండ్రేందమ్మా? హెడ్డాఫీసుకు ఇంగ్లీషుల కావాలె," అన్నాడు మేనేజర్.

"మీ బోర్డు తెలుగులనే ఉంది గద సార్. అది సూసే లోపలికొచ్చిన."

ఒక ప్రతి తీసుకున్నాడు. రెండోదాని మీద అందినట్టు ముద్ర వెయ్యమన్నాను.

"నేను తీస్కున్న గదమ్మా. మల్ల ముద్ర ఎందుకు?"

"రేపు మీరు సుత లీవ్‌ల పోతే?"

కోడలు నా కొంగు లాగింది. "అత్తమ్మా, లొల్లి వద్దు. నేను ఉత్త మెడతోనే పోతా తియ్యి."

ఆ మాటతో నాకు మరింత మొండితనం వచ్చింది. తేదీతో ముద్ర వేయించుకుని అక్కడే కుర్చీలో కూర్చున్నాను.

అంతలో ఒకతను గొలుసు కుదువ పెట్టడానికి వచ్చాడు. కౌంటర్‌లోని అమ్మాయి దాన్ని గీటు పెట్టి చూసింది, తూచింది, కవర్లో వేసి సీలు చేసింది. అతను వెళ్ళిపోయాక ఆ కవరు పట్టుకుని లేచింది. మేనేజర్ కూడా లేచాడు. ఇద్దరి చేతుల్లోనూ తాళాలున్నాయి. ఇద్దరూ లాకర్ గదివైపు నడిచారు.

నేనూ లేచాను. "ఏంది సార్, రెండో తాళం లీవ్‌ల ఉందంటిరి?"

మేనేజర్ తడబడ్డాడు. "అది... మేడమ్ ఈమెకు అప్పజెప్పి పోయిందమ్మా."

"ఎప్పుడు అప్పజెప్పింది బిడ్డా?" అని ఆ అమ్మాయినే అడిగాను.

"లీవ్‌ల పోయిన రోజే అమ్మా. తాళం ఇయ్యకుంట ఎట్ల పోతరు?" అంది పాపం, సంగతేమీ తెలియక.

"అంటే బంగారం లోపలికి పోనీకె తాళం ఉంది. బయటికి రానీకె లేదు. గంతేనా సార్?"

కూర్చున్నవాళ్ళు నవ్వారు. కోడలు కూడా నా కొంగు వదిలేసింది.

కాసేపటికే మా కవరు టేబుల్ మీదికి వచ్చింది. దానికంటే ముందు కాగితం వచ్చింది. వస్తువులు సరిగా అందినవి, ఇక్కడ సంతకం చెయ్యండి అని.

"అందినంక పెడ్త," అన్నాను.

సీలు నా కళ్ళముందే కోశారు. తూచారు. కుదువ పెట్టిన రోజు చీటీలో ఉన్న బరువుతో సరిపోయింది. కోడలు గుండ్లన్నీ వేళ్ళతో తడిమి తల ఊపాకే సంతకం పెట్టాను.

"పనైంది గదమ్మా. ఇంక ఆ అర్జీ వాపస్ తీస్కోండ్రి. పైకి పోతే నాకు తక్లీఫ్ అయితది," అన్నాడు మేనేజర్, మొదటిసారి మెత్తగా.

"ఎందుకు ఇయ్యలేదో రాసియ్యమన్న సార్. అది ఇంకా రాలే."

మెట్లు దిగుతూనే కోడలు దండ వేసుకుంది. రోడ్డు మీద ఏం సోకు, కొంగు కప్పుకో అని కసిరాను. మాకంటే ముందు ఎంతమంది ఆడవాళ్ళు ఆ లీవు మాట నమ్మి, అవే మెట్లు వట్టి చేతులతో దిగిపోయారో!