బొబ్బల సంగతి తీసేసిన పోస్టు

ఆమెను వీధిలో అందరూ ప్రూఫక్క అనేవారు. ఇరవై రెండేళ్ళు ఒక అచ్చు కార్యాలయంలో ప్రూఫులు దిద్దింది. తప్పుపడిన అక్షరం ఆమె కంటికి, అన్నంలో రాయి పంటికి తగిలినట్టు తగిలేది. కార్యాలయం మూతపడ్డాక కొన్నాళ్ళు ఊరికే కూర్చుంది గానీ, ఊరికే కూర్చోవడం ఆమెకు చేతకాలేదు. దుకాణాల బోర్డులు చదివి తప్పులు చెప్పడం మొదలుపెట్టేసరికి, ఆమె తమ్ముడు భయపడి తన చెప్పుల దుకాణానికి రమ్మన్నాడు.

తమ్ముడిది మామూలు చెప్పుల దుకాణం కాదు. మడమ నొప్పి ఉన్నవాళ్ళకీ, పాదం ఒక పక్కకి ఒరిగినవాళ్ళకీ, వేళ్ళు వంకరపోయినవాళ్ళకీ కొలత తీసి బూట్లు కుట్టేవాడు. ముందుగదిలో రెండు కుర్చీలు, ఒక చిన్న పీట, గోడకి అద్దం. వెనకగదిలో తోలు వాసన, జిగురు వాసన, చెక్కతో చేసిన పాదాల అచ్చులు వరసగా. ప్రతి అచ్చుకీ ఒక చీటీ, చీటీ మీద కొలతలు. అక్క పని ఫోనెత్తడం, వచ్చినవాళ్ళని కూర్చోబెట్టడం, దుకాణం పేరిట ఉన్న ఆన్‌లైన్ పేజీ చూసుకోవడం.

ఆ పేజీలో నెలకి ఏడెనిమిది రివ్యూలు వచ్చేవి. వాటిని అందంగా పోస్టులు చేసి పెడితే కొత్తవాళ్ళు వస్తారని తమ్ముడి ఆలోచన. పక్క వీధిలో కళ్ళజోళ్ళవాడు పెడుతున్నాడట, వాడి దుకాణం కిటకిటలాడుతోందట. అక్కకీ ఆ పని నచ్చింది. మళ్ళీ చేతికి అక్షరాలు వచ్చినట్టనిపించింది.

ఒకరోజు ఒక బస్సు కండక్టరమ్మ రాసిన రివ్యూ కనబడింది. ఆవిడకి యాభై దాటాయి. పాతికేళ్ళుగా బస్సులో నిలబడి టిక్కెట్లు కొట్టి కొట్టి మడమలు పాడయ్యాయి. ఆవిడ రాసింది ఇది:

"మొదటి జత వేసుకున్న వారంలోనే మడమ దగ్గర బొబ్బలొచ్చాయి. తిరిగి తీసుకెళ్తే మళ్ళీ కొలిచి వేరే జత చేసిచ్చారు. ఇప్పుడు మధ్యాహ్నం దాకా నిలబడగలుగుతున్నాను. సాయంత్రానికి నొప్పి వస్తుంది, కానీ ఇదివరకంత కాదు. కాస్త ఓపిక పట్టాలి."

అక్క దాన్ని రెండుసార్లు చదివింది. బాగుంది, కానీ పోస్టులో పట్టదు. బొబ్బల సంగతి తీసేసింది. చోటు కోసమే అనుకుంది. మధ్యాహ్నం దాకా అన్నది తీసేసింది. సాయంత్రం నొప్పీ, ఓపికా పోయాయి. మిగిలింది: "ఇప్పుడు నిలబడగలుగుతున్నాను. నొప్పి ఇదివరకంత కాదు." ఒక్క అక్షరమూ తన సొంతం కాదు కదా అని తృప్తిపడింది. కింద 'ఒక బస్సు కండక్టర్' అని రాసింది. ఆ మాట ఉంటే బరువొస్తుందనిపించింది. తమ్ముడు, బూట్లు సరిగ్గా పట్టాయో లేదో చూసుకోవడానికి తీసిన ఫొటో ఒకటి ఫోన్లోంచి పంపాడు. అందులో కండక్టరమ్మ అద్దం ముందు నిలబడి పాదాలు చూసుకుంటోంది. అద్దంలో మొహం కూడా పడింది.

ఆవిడని ఒక మాట అడుగుదామా అని అక్క అంది. అందరూ చూసేలా ఆవిడే రాసిందిగా, మళ్ళీ అడిగేదేముంది అన్నాడు తమ్ముడు. నిజమేలే అనుకుంది అక్క. పైన పెద్దక్షరాల శీర్షిక తమ్ముడే పెట్టాడు: "రోజంతా బస్సులో నిలబడ్డా నొప్పి లేదు!" అది కాస్త ఎక్కువైందని అక్కకి తోచింది. శీర్షికలంటే అంతేలే అని సరిపెట్టుకుంది.

ఆ పోస్టు బాగా తిరిగింది. నాలుగు రోజుల్లో కొత్తవాళ్ళు ఆరుగురు వచ్చారు. తమ్ముడి మొహం వెలిగిపోయింది.

అయిదో రోజు పొద్దున, ఇంకా పూర్తిగా తలుపులు తీయకముందే, కండక్టరమ్మ వచ్చింది. యూనిఫాంలోనే ఉంది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. ఫోన్లో పోస్టు తెరిచి అక్క ముందు పెట్టింది.

"ఇవి నా మాటలే," అంది. "కానీ నేనలా అనలేదు."

ఆవిడ గొంతు పెంచలేదు. జరిగింది వరసగా చెప్పింది. కాళ్ళ నొప్పి వల్ల బస్సు మీంచి టిక్కెట్ల కౌంటరుకి మార్చమని డిపోలో అర్జీ పెట్టుకుంది. డాక్టరు చీటీ కూడా జతచేసింది. రెండు నెలలు తిరిగితే ఫైలు కదిలింది. సంతకం పెట్టాల్సిన అధికారికి ఎవరో ఈ పోస్టు చూపించారు. ఆయన ఆవిడని పిలిచి, రోజంతా నిలబడ్డా నొప్పి లేదని ఊరంతా చెప్పుకుంటూ ఇక్కడ అర్జీలేమిటి అన్నాడు. తోటివాళ్ళ ముందు అన్నాడు. ఫైలు పక్కన పడేశాడు.

"నా పేరు వేయలేదని మీరనొచ్చు. మొహముందిగా. పాతికేళ్ళుగా ఆ డిపోలో నా మొహం తెలియనివాళ్ళెవరు?"

తమ్ముడు వెనకగదిలోంచి వచ్చి ఫోన్లో ఆ పోస్టు వైపు వంగి చూశాడు. ఇరవై రెండేళ్ళలో అక్క ఎన్నో పుస్తకాల్లో ఎవరెవరి తప్పులో పట్టుకుంది. తన చేత్తో తను తీసేసిన మూడు వాక్యాలు ఇప్పుడు ఒక మనిషి బతుకు మీద పడ్డాయి.

ముందు ఆ పోస్టు తీసేసింది, కండక్టరమ్మ చూస్తుండగానే. తర్వాత తప్పు తనదేనని చెప్పింది. శీర్షిక తమ్ముడిదని చెప్పలేదు. మీరేం చెయ్యమంటే అది చేస్తామంది. కండక్టరమ్మ, తను అలా అనలేదని కాగితం మీద రాసిమ్మంది.

అక్క కాగితంతో ఆగలేదు. ఆ మధ్యాహ్నమే కండక్టరమ్మతో పాటు డిపోకి తనూ వెళ్ళింది. ఒక పక్క కండక్టరమ్మ రాసిన అసలు రివ్యూ, ఇంకో పక్క తాము పెట్టిన పోస్టు అచ్చువేసి, తీసేసిన వాక్యాల కింద ఎర్రసిరాతో గీతలు గీసి తీసుకెళ్ళింది. కింద తన సంతకం, దుకాణం ముద్ర. అధికారి కళ్ళజోడు సవరించుకుని రెండూ చదివాడు.

"అయితే నొప్పి ఉన్నట్టా, లేనట్టా?" అన్నాడు.

"ఆవిడ రాసినంతే ఉందండీ," అంది అక్క. "తగ్గించింది మేము."

ఆయన చూస్తానన్నాడు. వాళ్ళిద్దరూ బయటికొచ్చి, ఎవరి దారిన వాళ్ళు వెళ్ళారు. కండక్టరమ్మ వెళ్తూ వెళ్తూ తల మాత్రం ఊపింది.

మర్నాడు దుకాణంలో అక్కాతమ్ముళ్ళకి మాటామాటా వచ్చింది. పోస్టు తీసేస్తే చాలదని, అది చూసి నమ్మినవాళ్ళకి సంగతి చెప్పాలని అక్క అంటుంది. మన పరువు మనమే తీసుకోవడమెందుకు అంటాడు తమ్ముడు. మిగతా దుకాణాలవాళ్ళు ఇంతకింత పెంచి రాస్తున్నారనీ, పట్టించుకున్న పాపాన ఎవరూ పోలేదనీ అన్నాడు. అక్క లేచి వెనకగదిలోంచి ఒక కొలతల చీటీ తెచ్చి అతని ముందు పెట్టింది.

"దీని మీద నీకు నచ్చిన అంకె వేసి బూటు కుట్టగలవా?"

తమ్ముడు చీటీ తీసి పక్కన పెట్టాడు. సరే నీ ఇష్టం, కానీ చిన్నగా రాయి అన్నాడు. అక్క చిన్నగానే రాసింది. మొన్న పెట్టిన ఒక పోస్టులో కస్టమరు మాటలు కత్తిరించి, ఆవిడ అనని మాట పైన చేర్చామని, ఫొటోకి అనుమతి అడగలేదని, తప్పు తమదేనని రాసింది. ఆవిడెవరో తెలిసే ఆనవాలు ఏదీ పెట్టలేదు. కొందరు వెక్కిరించారు. కొత్తగా వచ్చిన ఆరుగురిని అక్క తనే ఫోను చేసి పిలిచి అసలు సంగతి చెప్పింది. వాళ్ళలో ఇద్దరు, అలాగైతే మాకొద్దులెండి అని మానుకున్నారు.

ఆ తర్వాత అక్క పద్ధతి మార్చుకుంది. రివ్యూ నచ్చితే ముందు రాసినవాళ్ళకి సందేశం పంపేది. మీ మాటల్లో ఇవి వాడుకుంటాం, ఇలా కనబడుతుంది అంటూ తయారైన పోస్టునే పంపేది. పేజీలో మాత్రమేనా, దుకాణం గోడ మీద కూడానా, పేరు వెయ్యాలా, వద్దా, పని చెప్పాలా, ఫొటో ఉండాలా, ఒక్కొక్కటీ విడివిడిగా అడిగేది. ఎప్పుడు వద్దన్నా తీసేస్తామని చెప్పేది. వాళ్ళు రాసిచ్చిన జవాబు తారీఖుతో దాచేది. జవాబు రాకపోతే కాదనే లెక్క. అక్షరదోషాలు దిద్దేది. పొడుగైతే కుదించేది, కుదించిన చోట చుక్కలు పెట్టేది. కానీ నొప్పి తగ్గిందన్న మాట పక్కన ఎంత తగ్గిందో, ఎన్నాళ్ళకో ఉంటే దాన్ని మాత్రం ముట్టుకునేది కాదు.

ఒప్పుకున్నవాళ్ళకి పాలిష్ డబ్బా ఉచితంగా ఇద్దామా అన్నాడు తమ్ముడు. ఇవ్వొచ్చు, కానీ ఇచ్చామని పోస్టులో రాయాలి అంది అక్క. అతను ఆ ఊసు మళ్ళీ ఎత్తలేదు.

ఒక ముసలి దర్జీ మరీ తమాషా మనిషి. అక్క పంపినది చూసి నేరుగా దుకాణానికే వచ్చాడు. తను ఏదో నాలుగు ముక్కలు రాశాననీ, మీరు ఇంకాస్త గొప్పగా, పరుగు పందెంలో గెలిచినట్టు రాసుకోండనీ, తనకేం అభ్యంతరం లేదనీ అన్నాడు.

"మీరు సరేనంటే చాలదండీ, అది జరిగి కూడా ఉండాలి," అంది అక్క. "మీరు పరిగెత్తారా?"

"ఎక్కడమ్మా, చెయ్యి పట్టుకోకుండా మెట్లు దిగుతున్నాను అంతే."

"అయితే అదే వేద్దాం."

"చెయ్యి పట్టుకోకుండా మెట్లు దిగుతున్నాను" అనే వేసింది. అది చూసి పెద్దగా జనమేం రాలేదు. వచ్చినవాళ్ళు మాత్రం ఏమి ఆశించాలో తెలుసుకుని వచ్చారు. ఎన్ని రోజుల్లో తగ్గుతుందని అడగడం మాని, సరిపడకపోతే మళ్ళీ చేసిస్తారా అని అడిగేవారు. చేసిస్తామని తమ్ముడు ధైర్యంగా చెప్పేవాడు. ఎందుకంటే అతను నిజంగానే చేసిచ్చేవాడు. తిట్టుకుంటూనే గానీ, మూడోసారైనా కొలిచేవాడు.

కండక్టరమ్మకి నెలన్నర తర్వాత కౌంటరు పని వచ్చింది. పూర్తిగా కాదు, మధ్యాహ్నం నుంచి మాత్రమే. పొద్దున బస్సే. ఆ సంగతి ఆవిడ చెప్పలేదు. బూట్ల అడుగు అరిగిందని తెచ్చినప్పుడు, ఏ వేళకి తీసుకుంటారని అక్క అడిగితే, మధ్యాహ్నం కౌంటరులో ఉంటానని అన్నప్పుడు తెలిసింది.

అక్క కాసేపు తటపటాయించింది. తర్వాత అడిగేసింది. మీరు మొదట రాసినది మొత్తం, బొబ్బలతో సహా, పేరూ పనీ ఫొటో ఏవీ లేకుండా పేజీలో పెట్టుకోవచ్చా అని. పెట్టేముందు మీకు చూపిస్తామంది.

కండక్టరమ్మ తన రివ్యూ మళ్ళీ ఒకసారి చదువుకుంది. అందులో ఇప్పటికీ ఏ మాటా మార్చక్కర్లేదంది.

"కానీ వద్దండీ," అంది. "కోపమేం లేదు. వద్దు, అంతే."

"సరేనండీ," అంది అక్క. నోటుపుస్తకం తీసి ఆ రోజు తారీఖు వేసి, పక్కన 'వద్దన్నారు' అని రాసుకుంది. ఈసారి ఏ బూటు ఎక్కువ అరిగిందో చూడటానికి, పీట దగ్గరికి లాక్కుని కూర్చుంది.