మార్పు లేదని రాసిన మూడు రోజులు

ఖమ్మంలో ఒక ఆరోగ్య కార్యాలయంలో కాంట్రాక్టు మీద ప్రోగ్రాములు రాసిపెట్టే ఉద్యోగం నాది. వానలు మొదలైతే అడవి ఊళ్ళలో మలేరియా జ్వరాలు. ఒక్కో ఉపకేంద్రంలో ఒక ఆరోగ్య కార్యకర్త ఉండేది. ఆ రోజు ఎంతమందికి జ్వరం తగిలిందో ఆమె కాయిన్ బాక్సు నుంచి ఫోన్ చేసి చెబితే, మా గుమాస్తా కంప్యూటర్లో ఎక్కించేవాడు. తెర మీద ఒక్కో కేంద్రానికి ఒక్కో పెట్టె. గంటకోసారి ఆ పెట్టెల్లో అంకెలు వాటంతట అవే మారేవి. దాన్ని డాష్‌బోర్డ్ అనాలని మా అధికారి హైదరాబాద్ మీటింగులో నేర్చుకొని వచ్చారు.

పేరు తెచ్చారు గానీ దాన్ని చూసే ఓపిక ఆయనకు లేదు. "ఏం మారిందో నాలుగు ముక్కల్లో రాసివ్వమ్మా" అన్నారు. గంటగంటకూ నేనెక్కడ రాస్తూ కూర్చుంటాను? ఆ పని కంప్యూటర్‌కే అప్పగించాను. తెర మారేముందు పాత అంకెలు పక్కన దాచుకుంటుంది. కొత్తవి రాగానే రెంటినీ పోల్చి, తేడా ఉన్నచోట నేను ముందే రాసిపెట్టిన వాక్యంలో ఊరి పేరూ అంకెలూ అతికిస్తుంది. "ఫలానా కేంద్రంలో జ్వరాలు నాలుగు నుంచి తొమ్మిదికి పెరిగాయి." బాగా పెరిగినవి పైన వస్తాయి. తేడా లేనివన్నీ అడుగున "మార్పు లేదు" అన్న మాట కింద తమ అంకెలతో వరసగా ఉంటాయి. కాగితం దానంతట అదే ప్రింటయి వస్తుంటే మురిసిపోయాను. ఆ కాగితం చూసే మందుల జీపు ఎటు వెళ్ళాలో తేల్చేవారు.

ఒక్కటే చిక్కు. ఏ ఊరి నుంచైనా ఫోన్ రాకపోతే పెట్టె ఖాళీగా ఉండిపోయేది. "ఖాళీలు కనబడితే మనం పని చెయ్యట్లేదనుకుంటారు" అని అధికారి చిరాకు పడ్డారు. సరే, ఫోన్ రాని చోట నిన్నటి అంకెనే ఉంచమని ప్రోగ్రాములో రెండు లైన్లు చేర్చాను. రెండే లైన్లు. చేర్చిన సంగతి వారానికల్లా మరిచిపోయాను.

జీపు డ్రైవర్‌ది ములకలపల్లి వైపు ఊరు. ఒక పొద్దున కాగితం పట్టుకొని నా బల్ల దగ్గర నిలబడ్డాడు.

"మేడం, మా దిక్కు ఈ కేంద్రం మూడు దినాల సంది మార్పు లేదనే వస్తున్నది. ఏంది గిది?"

"మార్పు లేదు కాబట్టి అట్లా వస్తోంది. లెక్క చూసేది కంప్యూటర్" అన్నాను. నా పనికి వంకలు పెడితే నాకు ఒళ్ళు మండుతుంది.

"జ్వరం గట్ల ఆగుతదా మేడం? దినాం సక్కగ ఆరుగురికే వస్తదా?"

అతని నోరు మూయిద్దామనే గుమాస్తా రిజిస్టరు తెరిచాను. ఆ కేంద్రం నుంచి చివరి ఫోన్ వచ్చి మూడు రోజులయింది. నేను చేర్చిన ఆ రెండు లైన్లు అప్పుడు గుర్తొచ్చాయి. అధికారికి చెప్పి, డాక్టర్‌ని ఎక్కించి జీపు పంపించాను.

వాగు దాటి వాళ్ళు చేరేసరికి మధ్యాహ్నమైంది. ఊళ్ళో ఇంటికొకరు మంచం పట్టి ఉన్నారట. ఫోన్ చెయ్యవలసిన ఆమె ఉపకేంద్రం గదిలో నేల మీద స్పృహ లేకుండా పడి ఉంది. డాక్టర్ మందులతో అక్కడే ఆగిపోయాడు. డ్రైవర్ ఆమెను భద్రాచలం దవాఖానాకు చేర్చాడు. బతుకుతుందో లేదో రెండు రోజులు ఎవరూ చెప్పలేదు.

ఊరికే కూర్చోలేక ప్రోగ్రాము మార్చాను. ప్రతి అంకె పక్కన అది ఎప్పుడు వచ్చిందో కూడా ఉండాలి. రోజు దాటినా ఫోన్ రాకపోతే పోల్చకూడదు, కాగితంలో అన్నిటికన్నా పైన "సమాచారం రాలేదు" అని రాయాలి. ఖాళీ పెట్టెల గురించి అధికారి మళ్ళీ ఏదో అనబోయారు. "ఖాళీగానే ఉంటాయి సార్" అన్నాను. ఆయనకు ఎదురుచెప్పడం అదే మొదటిసారి.

నెల తర్వాత ఆ ఆరోగ్య కార్యకర్త ఏదో పని మీద ఆఫీసుకు వచ్చింది. బాగా చిక్కిపోయింది, జుట్టు ఊడింది. అన్నాళ్ళూ కాగితం మీద ఆమె ఊరి పేరే తప్ప మనిషిని చూడలేదు నేను. డ్రైవర్ చెప్పినట్టున్నాడు, ఆ మూడు రోజుల కాగితాలు చూపించమంది. తీసి ఇచ్చాను. అడుగు వరసలో తన ఊరి పేరు మీద వేలు పెట్టి నిదానంగా చదివింది.

"నేను లేవలేక పడ్డ నాడు గూడ ఇదే రాసిండ్రా మేడం?"

"అవును" అన్నాను.

"ఫోన్ రాకపోతే ఏమైందని అడుగుతరు, ఎవరన్న వస్తరు అనుకున్న. తెలివి ఉన్నంతసేపు తలుపు దిక్కే చూసిన."

ఆ మాట రాసింది కంప్యూటర్ అని చెప్పబోయి ఊరుకున్నాను.