లెక్కలోంచి తీసేసిన ఐదు పాయింట్లు

ఇంజనీరింగ్ అయిపోయిన ఏడాది నేను హనుమకొండలో ఒక ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్‌లో ప్రాజెక్ట్ అసిస్టెంట్‌గా చేరాను. మా గది మొదటి అంతస్తులో చివరిది. మూడు కంప్యూటర్లు, కరెంటు పోతే ఇరవై నిమిషాలు నిలబెట్టే ఒక బ్యాటరీ, గోడకు అంటించిన ఒక కాగితం. టెలిస్కోప్ లేదు. చూడటానికి వచ్చినవాళ్లు ముందు అదే అడిగేవారు. అంతరిక్షంలో తిరిగే టెలిస్కోపులు తీసిన డేటాను కొంతకాలం తర్వాత అందరికీ తెరిచి పెడతారు. మేము దాన్ని దింపుకొని లెక్కలు కట్టేవాళ్లం.

గదిలో నాతోపాటు ఒక సీనియర్ స్కాలర్ ఉండేది. నేను అక్కా అనేవాణ్ని. పొద్దున సుబేదారిలో జూనియర్ కాలేజీలో క్లాసులు చెప్పి, పదకొండున్నరకు స్కూటీ మీద వచ్చేది. పీహెచ్‌డీలో చేరి ఏడేళ్లయింది. గడువు రెండుసార్లు పెంచారు, మూడోసారి పెంచరని ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. నెలాఖరులోగా థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. నాలుగు అధ్యాయాలు అయిపోయాయి. ఐదోదాని మీదే అంతా ఆగి ఉంది. ఒక చిన్న ఎర్ర నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహం గాలిలో నీటి ఆవిరి ఉందా అన్నది ఆ అధ్యాయం.

ఆ గ్రహాన్ని ఎవరూ చూడలేదు, చూడలేరు కూడా. అది తన నక్షత్రం ముందునుంచి దాటేటప్పుడు నక్షత్రం వెలుగు కొద్దిగా తగ్గుతుంది. ఆ దాటడాన్నే ట్రాన్సిట్ అంటారు. ఈ గ్రహానికి తగ్గుదల నూటికి ఒక పాలు. గ్రహం చుట్టూ గాలి ఉంటే, నక్షత్రం వెలుగులో కొంచెం ఆ గాలి పొర అంచుగుండా వడకట్టినట్టు వస్తుంది. నీటి ఆవిరి కొన్ని రంగుల పరారుణ కాంతిని మింగేస్తుంది. ఆ రంగుల్లో పై పొరలు కూడా కాంతిని అడ్డుకుంటాయి కాబట్టి గ్రహం కాస్త పెద్దదిగా కనిపిస్తుంది, తగ్గుదల కాస్త ఎక్కువవుతుంది. ఎంత ఎక్కువంటే, ఆ ఒక్క పాలులో నూరో వంతు. ఒక్కో రంగులో తగ్గుదల ఎంతో కొలిచి వరుసగా గీస్తే ఒక గీత వస్తుంది. గీత నీరు మింగే రంగుల దగ్గర పైకి లేస్తే ఆవిరి ఉందన్నమాట. గీత చదునుగా ఉంటే మాత్రం లేదని అర్థం కాదు. గాలి ఉండి కూడా ఎత్తయిన మబ్బులు కమ్మేసి ఉండొచ్చు.

అక్క గీత నీటి దగ్గర లేచింది.

మా పని చూసే గైడు సార్‌కు ఒక నియమం ఉండేది. ఒకరు తీసిన ఫలితాన్ని ఇంకొకరు మొదటి ఫైలు నుంచి, మొదటి మనిషి ప్రోగ్రాం చూడకుండా, మళ్లీ తీయాలి. అప్పటిదాకా గదిలో 'దొరికింది' అన్న మాట అనకూడదు. ఆ రెండోమనిషిని నేను. పద్దెనిమిది పనుల జాబితా రాసుకొని, ఒక్కోదానికి టిక్కు పెట్టుకుంటూ పదకొండు రోజులు చేశాను. నా గీతను అక్క గీత మీద పెడితే రెండూ ఒకదానిమీద ఒకటి కూర్చున్నాయి.

సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకొని మళ్లీ చూశారు. "ఇగ అనొచ్చు," అన్నారు.

డిపార్ట్‌మెంట్ అటెండరు, మేమంతా కాకా అని పిలిచే పెద్దాయన, మిర్చి బజ్జీలు తెచ్చాడు. జనగామ వైపు పల్లె ఆయనది, ఇంటి దగ్గర రెండెకరాల మెట్ట చెలక ఉంది.

"ఏంది బిడ్డా, నీళ్లు దొర్కినయట?" అన్నాడు అక్కతో.

"ఆవిరి కాకా, నీళ్లు గాదు."

"ఏదైతేంది. మా ఊర్ల గూడ ఒకాయన అరచేతుల కొబ్బరికాయ పెట్టుకొని చెలకంత తిరిగి, ఈడున్నయి నీళ్లంటడు. మూడు బోర్లేసిన. దుమ్ము లేసింది. మీరు ఇంట్లనే కూసొని జెప్తాండ్రు, మీరే నయం."

అక్క బజ్జీ పొలమారేంత నవ్వింది. ఆ సాయంత్రమే ఐదో అధ్యాయం రాయడం మొదలుపెట్టింది.

నా జాబితాలో పద్నాలుగో పనికి టిక్కు పెట్టాను కానీ అది సగమే అయింది. 'తీసేసిన పాయింట్లు: ఎన్ని, ఎక్కడివి' అని ఉంది; పాయింటంటే ఒక్కో కొలత. ఎన్ని అన్నది రాశాను, ఎక్కడివన్నది రాయలేదు. గోడకు అంటించిన కాగితం డేటా శుభ్రం చేసే పద్ధతి గురించి. అంతరిక్షంలో ఒక్కోసారి ఎక్కడినుంచో వచ్చిన కణం కెమెరాను తాకి, ఒక కొలత పిచ్చిగా పైకి లేస్తుంది. కొలతలు మామూలుగా అటూ ఇటూ చెదిరేదానికి మూడింతలు దాటినది ఏదైనా తీసేయాలని ఆ కాగితంలో ఉంది. ఇద్దరం అలాగే తీసేశాం. మర్నాడు, ఖాళీగా ఉన్న గడి నింపడానికే, తీసేసినవాటిని సమయం ప్రకారం పేర్చాను.

తొమ్మిది పాయింట్లు. నాలుగు అక్కడక్కడా ఉన్నాయి. మిగిలిన ఐదు పక్కపక్కనే ఉన్నాయి, ట్రాన్సిట్ మధ్యలో. దారిన పోయే కణాలు వరుసలో నిలబడి కెమెరాను తాకవు. పైగా ఆ ఐదూ అన్ని రంగుల్లోనూ లేచాయి, తక్కువ తరంగదైర్ఘ్యం వైపు మరింత ఎత్తుగా. దానికి నాకు తెలిసిన కారణం ఒక్కటే. నక్షత్రం మీద చల్లని నల్లమచ్చ ఉంది. గ్రహం ఆ మచ్చమీదుగా పోయినప్పుడు, ఆ ఐదు కొలతలు పట్టిన ఎనిమిది నిమిషాలు, అసలే మసకగా ఉన్న చోటును కప్పింది కాబట్టి తక్కువ వెలుగును ఆపింది, మొత్తం వెలుగు కాస్త పెరిగింది. మేము దాన్ని చెత్త అనుకొని ఊడ్చేశాం. ఇద్దరం ఊడ్చాం కాబట్టే మా గీతలు అంత బాగా కలిశాయి.

గ్రహం దాటిన దారిలో ఒక మచ్చ ఉంటే, దారికి బయట ఇంకెన్ని ఉన్నాయో తెలియదు. ఇలాంటి ఎర్ర నక్షత్రాల మచ్చలు ఎంత చల్లగా ఉంటాయంటే వాటిలోనే నీటి ఆవిరి దండిగా ఉంటుంది. నీటి రంగుల్లో మచ్చలు మరీ నల్లబడతాయి. నక్షత్రం మొత్తం వెలుగు ఆ రంగుల్లో తగ్గుతుంది. గ్రహమేమో మచ్చలు తక్కువున్న ప్రకాశమైన దారిని కప్పుతోంది. అప్పుడు గ్రహానికి గాలే లేకపోయినా, నీటి దగ్గర తగ్గుదల ఎక్కువగానే కనిపిస్తుంది. ఆవిరి నక్షత్రానిది, పేరు గ్రహానిది.

ఈ సంగతి అక్కకు చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. మళ్లీ లెక్క చూసుకున్నానని ఇప్పుడు అనొచ్చు. నిజానికి లెక్క మొదటి గంటలోనే తేలిపోయింది. ఆమె రోజుకు ఆరేడు పేజీలు రాస్తోంది. నెలాఖరుకు పందొమ్మిది రోజులున్నాయి.

మూడో రోజు, పాయింట్లు పేర్చిన కాగితం ఆమె ముందు పెట్టాను. ఐదు పాయింట్లనూ వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టింది.

"ఎన్నడు చూసినవ్ దీన్ని?"

"మొన్న పొద్దుగాల అక్కా."

"మొన్న చూసి గీ యాల్టికి చెప్తానవా? పదిహేను పేజీలు రాసిన్రా! బజ్జీలు గూడ తిన్న!"

"పక్కా చేసుకుందామని..."

"నీకు మొన్ననే పక్కా అయింది. నీ మొఖం చూస్తే తెల్వదా?" కుర్చీ వెనక్కి నెట్టి లేచింది. "ఇంకో ట్రాన్సిట్ డేటా ఉన్నదా?"

"లేదు. దీన్ని ఒక్కసారే చూసిండ్రు."

"మనం చూడుమంటే చూస్తరా?"

"టెలిస్కోపోళ్లకు అర్జీ పెట్టాలె. ఒప్పుకుంటే వచ్చే ఏడాది."

"వచ్చే ఏడాదికి నా రిజిస్ట్రేషన్ నంబరే ఉండది." కిటికీ దగ్గర కాసేపు నిలబడింది. "ఆ ఐదు పాయింట్లు కనవడనట్టు రాస్తె ఎవలకు తెలుస్తది?"

ఆమె జవాబు కోసం అడగలేదనుకుంటాను. హెల్మెట్ తీసుకొని వెళ్లిపోయింది.

మర్నాడు కాలేజీకి సెలవు పెట్టి తొమ్మిదింటికే వచ్చింది. అప్పటికి సార్‌తో ఫోనులో మాట్లాడినట్టుంది.

"పని పంచుకుందాం," అంది. "గాలిల నీళ్లున్నయి, నక్షత్రం సాఫ్‌గ ఉన్నది, గిట్లనుకొని లెక్క నేను కడ్త. గాలిల ఏం లేదు, మచ్చలున్నయి, గట్లనుకొని నువ్వు కట్టు. ఈసారి పాయింట్లు ఒక్కటి తియ్యకు. తీసినా నాకు చూపించి తియ్యి."

ఎనిమిది రోజులు పట్టింది. రెండు కథలూ కొలతలకు సరిపోయాయి. ఏది మెరుగో చెప్పేంత తేడా లేదు. రెండూ కొంత కొంత నిజం కావచ్చని, రెంటినీ కలిపి కట్టిన మూడో లెక్క చెప్పింది. అది మరీ నిరుత్సాహం కలిగించింది.

అక్క పదిహేను పేజీల్లో పన్నెండు కొట్టేసింది. అధ్యాయం పేరు మార్చింది. ముందున్నది 'నీటి ఆవిరి గుర్తింపు'. తర్వాతది 'నక్షత్రపు మచ్చలు, గ్రహపు గాలి: ఒక్క ట్రాన్సిట్‌తో వేరు చేయగల మేర'.

థీసిస్ ఇచ్చేముందు జరిగే సెమినార్‌కు బయటి ఊరి నుంచి ఒక ప్రొఫెసరు వచ్చారు. నేను వెనక వరుసలో ప్రొజెక్టరు తీగ పట్టుకొని కూర్చున్నాను, లూజుగా ఉంది. ఐదో అధ్యాయం దాకా ఆయన రాసుకుంటూ పోయారు. అప్పుడు పెన్ను మూత పెట్టారు.

"అమ్మా, ఏడేళ్లు చేసి, ఆఖరికి తెలియదని రాస్తున్నారా?"

సార్ బల్ల మీద కాగితాలు సర్దుతున్నారు.

"తెల్వదని రాస్తలేను సర్," అంది అక్క. "ఈ గీత నీటి దగ్గర లేచింది, అది నిజం. అది గ్రహానిదా, నక్షత్రానిదా అన్నది ఈ డేటా చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో లెక్కతో చూపిస్తున్న. ఇసొంటి నక్షత్రాల ముందు ఒక్క ట్రాన్సిట్ చూసి నీళ్లన్నోళ్లు అందరు ఇది చూసుకోవాలె."

"మరి ఏం చూస్తే తేలుతుంది?"

"రెండు మూడు ట్రాన్సిట్లు చూడాలె. మచ్చలు తిరుగుతయి, మారుతయి, వాటి వాటా కూడ మారుతది. గ్రహం గాలి అంత తొందరగ మారది. నక్షత్రం వెలుగును నెలల తరబడి కనిపెట్టి ఉండాలె. తక్కువ తరంగదైర్ఘ్యాల దిక్కు కూడ కొలవాలె, మచ్చలు ఆడ దొరుకుతయి. అయినా గ్రహం అంచున ఉన్న గాలే తెలుస్తది సర్, కింద ఏమున్నదో తెల్వది."

ఆయన మూత తీసి ఏదో రాసుకున్నారు. "ఇప్పుడు చెప్పిందంతా చివరి పేజీలో లేదు. పెట్టండి. ఇంకో రెండు సవరణలున్నాయి." అంతే. మొత్తం మూడు సవరణలు. మొదటిది నేనే టైపు చేశాను, ఆమె చెబుతూ ఉంటే.

గడువుకు ఒక రోజు ముందు ఐదు ప్రతులు ఆఫీసులో ఇచ్చాం. గుమస్తా పేజీలు లెక్కపెట్టి, రిజిస్టరులో సంతకం చేయమన్నాడు. అక్క సంతకం చేసి, రసీదు మడిచి పర్సులో పెట్టుకుంది. నెలన్నర తర్వాత రావాల్సిన పరీక్షకుల నివేదికల్లో ఏముంటుందో ఇద్దరికీ తెలియదు. మెట్లు దిగుతూ, "ఇప్పుడు అర్జీ రాద్దాం, ఇంకో ట్రాన్సిట్‌కు. మొదటి పేజీ నువ్వు రాయి," అంది. సుబేదారిలో పొద్దుటి క్లాసును ఆమె ఆ రోజు పన్నెండింటికి మార్చుకుంది.