నునుపక్క తుడిచేసిన గీత

మా అక్కని వీధంతా నునుపక్క అంటారు. ఆమెది ఫోటో స్టూడియో. ఎంతటి మొటిమల మొహమైనా ఆమె చేతిలో పడి బయటికొచ్చేసరికి ఉడికించి పొట్టు తీసిన గుడ్డులా ఉంటుంది. ఒకసారి గుర్తింపు కార్డుల ఆఫీసువాళ్లు ఒకాయన ఫోటో తిప్పి పంపారు, ఇది ఆ మనిషి కాదు పొమ్మని. "అసలు మనిషికన్నా నా ఫోటో బాగుందని కుళ్లు" అంది అక్క. నేను కౌంటరు దగ్గర కూర్చుంటాను, అవసరమున్నా లేకపోయినా నోరు పారేసుకుంటాను. "నీకు మనుషులు అక్కర్లేదే, బొమ్మలు కావాలి" అన్నాను. అక్క మూతి ముడుచుకుంది గానీ అలవాటు మానలేదు.

ఆ మధ్యాహ్నం అక్క కూతురు తన పాపని తీసుకుని స్టూడియోకి వచ్చింది. పాప ఇప్పుడిప్పుడే మాటలు కూడబలుక్కుంటోంది. మేం ముగ్గురం కబుర్లలో పడ్డాం. పాప వెనకగదిలోకి వెళ్లి, ఫోటోకి కూర్చోబెట్టే బల్ల కింద దూరింది. చప్పుడు లేదు. పిల్ల చప్పుడు చేయడం లేదంటే ఎవరికైనా గుండె గుభేలుమనాలి. మేం మాత్రం హాయిగా ఆడుకుంటోందనుకున్నాం. తీరా నేను వంగి చూస్తే మూతి చుట్టూ ఏదో పొడి, పిడికిట్లో నానిపోయిన మాత్ర ముక్క.

పొద్దున్నుంచి పింఛను కాగితాలకి ఫోటోల కోసం పెద్దవాళ్లు వరసగా వచ్చి వెళ్లారు. అందులో ఒకావిడ దువ్వెన కోసం సంచీ మొత్తం ఆ బల్ల మీదే గుమ్మరించింది. మందులు అందులోంచే రాలి ఉంటాయి. ఆవిడ ఎవరో, ఎక్కడుంటుందో మాకు తెలియదు. అక్క కూతురు పాపని ఎత్తుకుని, దొరికిన బండి ఎక్కి ఆసుపత్రికి పరిగెత్తింది. అక్క నేలంతా పాకుతూ వెతికితే లైటు స్టాండు కాలి దగ్గర ఇంకో మాత్ర కనబడింది. అది చెక్కుచెదరలేదు.

కాసేపటికే ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. విషం కేసులు చూసే మందుల నిపుణుడట. గొంతు నెమ్మదిగా ఉంది. ఇంకో మాత్ర దొరికిందని చెప్పాం.

"అమ్మా, ఆ మాత్ర తీసుకుని బయల్దేరండి. బయల్దేరే ముందు ఫోటోలు పంపండి. మీరొచ్చేదాకా ఆగితే ఆలస్యం కావచ్చు. రెండు వైపులా తీయండి, అంచు కూడా. పక్కన స్కేలు పెట్టండి. గుర్తులు బాగా కనబడాలి."

అక్క చెవికి ఫోటో అన్న మాట ఒక్కటే ఎక్కినట్టుంది. తెల్లకాగితం పరిచింది, దాని మీద మాత్ర పెట్టింది, రెండు వైపులా గొడుగు లైట్లు వెలిగించి క్లిక్‌మనిపించింది. కంప్యూటర్లో ఎక్కించి, గబగబా ఏదో సర్ది పంపేసింది. చూడముచ్చటగా ఉంది ఆ మాత్ర. నీడ లేదు, మరక లేదు.

వెంటనే ఆయన ఫోను. "ఏ గుర్తూ లేదమ్మా. స్కేలు పెట్టలేదు, ఇది కందిబద్దంత ఉందో గిన్నె మూతంత ఉందో నాకెలా తెలియాలి? ఏ రాతా లేని తెల్ల మాత్రలు బోలెడుంటాయి. ఎముకల బలానికి వేసుకునేది కావచ్చు, ఇంకేదైనా కావచ్చు."

ఆ వెనకే అక్క కూతురు ఫోను చేసింది. "పిన్నీ, పాప చక్కగా ఆడుతోంది. మాత్ర మామూలుదే అని తేలితే కాసేపు చూసి ఇంటికి పంపేస్తారట. మామూలుదేగా?"

"ఉండు, చూసి చెప్తాను" అన్నాను. తల తిప్పితే కెమెరా వెనక చిన్న తెర మీద అదే ఫోటో ఉంది. అందులో మాత్ర మీద సన్నగా ఒక గీత. కంప్యూటరు తెర మీద చూశాను. అక్కడ లేదు.

"అక్కా, ఈ గీత ఏమయింది?"

అక్క రెండు తెరలూ మార్చి మార్చి చూసింది. మొహంలో నెత్తుటి చుక్క లేదు. "దుమ్ము అనుకున్నాను. మొటిమలు తీసినట్టే... చెయ్యి దానంతటదే పోయిందే. తుడిచేశాను. పాలిపోయినట్టుందని రంగు కూడా తెల్లగా మార్చాను."

నాకు ఆమె మీద ఒళ్లు మండింది, అంతకు మించి జాలేసింది.

అక్క అంతటితో కూలబడలేదు. గొడుగు లైట్లు రెండూ ఆర్పేసింది. కాగితం లాగేసి నల్లగుడ్డ పరిచింది. మాత్రని చిన్న చిమటాతో మెల్లగా పట్టి పెట్టింది, గీరుకోకుండా. స్కేలు పక్కన పెట్టబోయి ఆగింది. "కిందుంటే కొలత తప్పు చూపిస్తుంది" అంటూ, స్కేలు కింద అట్టముక్కలు పేర్చి మాత్ర పైభాగం ఎత్తుకి తెచ్చింది. అసలు రంగు తెలియడానికి ఓ మూల తెల్లకాగితం ముక్క ఉంచింది. కెమెరా నిట్టనిలువుగా పైన బిగించింది. చేతిలైటు నా చేతికిచ్చి, "బల్లకి ఆనించి పక్కనుంచి కొట్టు" అంది.

లైటు కిందకి దించగానే మాత్ర మీద పల్లం ఉన్నచోటల్లా నీడ నిండింది. మధ్యలో గీత, గీతకి ఓ పక్క అక్షరం, ఇంకో పక్క ఒకటి అనే అంకె. తెల్లగా కనబడిందల్లా లేత పసుపు. తీసింది తీసినట్టు, ఏమీ దిద్దకుండా, సైజు తగ్గించకుండా పంపింది.

"ఇది ఫోటో అంటే" అన్నాడాయన. "ఆ అంకె ఒకటా, ఏడా? రెంటికీ మందు వేరమ్మా. లైటు ఇంకోవైపు నుంచి కొట్టండి. వెలుతురు వచ్చే దారిలోనే ఉన్న గీతకి నీడ పడదు."

నేను బల్ల చుట్టూ తిరిగి మాత్ర నెత్తి వైపు నిలబడ్డాను. ఒకటి తల మీద సన్నటి అడ్డగీత తేలింది. ఏడు. అక్క ఊపిరి బిగబట్టి తీసింది. మాత్రని తిప్పి రెండో వైపు తీసింది, నిలబెట్టి అంచు తీసింది. అన్నీ పంపి, మాత్రని చిన్న డబ్బాలో వేసి బయల్దేరుతుంటే ఫోను మోగింది.

"షుగరు తగ్గించే మందు. పెద్దవాళ్లు వేసుకునేది. చిన్నపిల్లలకి ఒక్కటీ ఎక్కువే. మొదట బాగానే ఉంటారు, గంటలు గడిచాక పడిపోతారు. పాపని ఎక్కడికీ పంపొద్దని వార్డుకి చెప్పేశాను."

దారి పొడుగునా అక్క నా చెయ్యి వదల్లేదు. మేం వెళ్లేసరికి పాప మంచం మీద గంతులేస్తోంది, చేతికి సూది గుచ్చి కట్టు కట్టారు. నర్సు మాటిమాటికీ వేలి నుంచి చుక్క నెత్తురు తీసి చూస్తోంది. చీకటి పడే వేళకి గంతులు ఆగాయి. నుదురు చెమట పట్టింది, పిలిస్తే పలకలేదు. అందరూ సిద్ధంగానే ఉన్నారు కాబట్టి గ్లూకోజు క్షణాల్లో ఎక్కింది. పాప కళ్లు తెరిచి "అమ్మమ్మా, ఆకలి" అంది. అక్క గోడకేసి తిరిగి భోరుమంది. మర్నాడంతా అక్కడే ఉంచుకుని, చక్కెర నిలబడ్డాకే ఇంటికి పంపారు.

ఆ వారంలోనే పాప స్టూడియోకి వచ్చింది, ఈసారి అమ్మ చంక దిగకుండా. అక్క ఫోటో తీసింది. సూది గుచ్చిన చోట చేతి మీద నీలం మచ్చ ఇంకా ఉంది.

"అమ్మా, ఆ మచ్చ తీసెయ్యి, చూడలేకపోతున్నాను" అంది కూతురు.

అక్క చెయ్యి మౌసు మీదకి దానంతటదే వెళ్లింది. అక్కడ ఆగింది. ఆ చేతిని వెనక్కి లాక్కుని ఒళ్లో పెట్టుకుంది, రెండో చేత్తో గట్టిగా పట్టుకుంది.

"చెల్లీ, నువ్వే ప్రింటు కొట్టవే" అంది. "ఉన్నది ఉన్నట్టు."