పదిమందిలో ఒకరు

మా ఆఫీసులో ఎవరి ఫైల్లో తప్పు దొరికినా అందరం నవ్వుకునే కాలం ఒకటి ఉండేది. బిలాస్‌పూర్‌లో లింక్ రోడ్డు మీద, ఒక మిఠాయి దుకాణం పైఅంతస్తులో, ఇళ్ల రుణాలిచ్చే ప్రైవేటు కంపెనీ శాఖ మాది. మోప్కా, లింగియాడీహ్ వైపు కొత్తగా ప్లాట్లు కొనుక్కున్నవాళ్లు ఇల్లు కట్టుకోవడానికి అప్పు అడిగితే, ఆ భూమి కాగితాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి పైకి పంపడం మా పని. మేం పదిమందిమి. నా ఫైలు నేను పంపేముందు పక్కవాళ్లెవరో ఒకసారి చూసేవారు. అలా చూడమని ఎవరూ చెప్పలేదు, అదలా అలవాటైపోయింది.

నా పక్క బల్ల మా చెల్లిది. సొంత చెల్లి కాదు. రైల్వే కాలనీలో మా క్వార్టరు వెనక క్వార్టరు వాళ్లది. మా నాన్నా వాళ్ల నాన్నా ఒకే షెడ్డులో పనిచేశారు. ఇద్దరి పెద్దలూ ఎప్పుడో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవారు. ఆ ఉద్యోగం ఉందని దానికి చెప్పింది నేనే. నా ఫైల్లో ఏదైనా దొరికితే అది బల్ల మీద పెన్నుతో కొట్టి, "ఏటక్కా ఇది? పొలాన్ని ఇంటి స్థలం కింద మార్చిన కాగితమేదీ? యే నహీ చలేగా," అనేది. గది మొత్తానికీ వినబడేది. నేను నాలిక కరుచుకుని ఫైలు వెనక్కి తీసుకునేదాన్ని. ఆ మధ్యాహ్నం సమోసాలు నా ఖాతాలో.

భూమి కాగితాలు చదవడం మాకు నేర్పింది ఒక పెద్దాయన. ఛత్తీస్‌గఢీ మనిషి. మేం దాదా అని పిలిచేవాళ్లం. రిటైరవడానికి ఇంకా కొంత కాలం ఉంది ఆయనకి. మా మేనేజరు కరీంనగర్ వైపు నుంచి వచ్చినవాడు, నెమ్మదస్తుడు. నాతో, చెల్లితో తెలుగులోనే మాట్లాడేవాడు.

బెల్ కర్వ్ అన్న మాట మా దాకా వచ్చింది ఒక వీడియో మీటింగులో. ముంబై నుంచి ఒకావిడ తెర మీద గంట బోర్లించినట్టున్న బొమ్మ చూపించింది. ఎక్కడైనా మనుషులు ఇలాగే ఉంటారట. కొద్దిమంది చాలా బాగా చేస్తారు, ఎక్కువమంది మధ్యలో ఉంటారు, కొద్దిమంది వెనకబడతారు. కాబట్టి ఇకపై రేటింగులు కూడా ఈ ఆకారంలోనే ఉండాలి. పదిమంది ఉన్న శాఖలో ఒకరికి అడుగు రేటింగు ఇచ్చి తీరాలి. వాళ్లకి ఆ ఏడు జీతం పెరగదు.

"అందరూ బాగా చేస్తే?" అని మా మేనేజరు అడిగాడు.

"అలా జరిగిందంటే మీరు సరిగ్గా కొలవలేదని అర్థం," అంది ఆవిడ. కోపంగా కాదు, చాలా మర్యాదగా.

వేలమందిని తీసుకుంటే ఆ ఆకారం వస్తుందేమో, నాకు తెలియదు. మేం పదిమందిమి. అందులోనూ పరీక్ష పెట్టి, పనిరాని వాళ్లని ముందే వడగట్టి తీసుకున్న పదిమందిమి.

మొదటి ఏడు దాదా తనంతట తానే ముందుకొచ్చాడు. "నాకెంత సర్వీసు మిగిలింది గనుక, నా పేరు రాసెయ్యండి. ఈ పిల్లల జీతం పెంపు ఆగకూడదు," అన్నాడు హిందీలో. మాకు కళ్లు చెమర్చాయి. మేనేజరు లేచి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. ఆ తర్వాత ఏడాదికొకరం వంతులవారీగా ఆ అడుగు రేటింగు తీసుకుందామని మాలో మేం అనుకున్నాం. ఆ గండాన్ని దాటేశామనే అనుకున్నాం.

కానీ అడుగు రేటింగు ఇస్తే ఊరుకోరు. కారణం రాయాలి, అదీ ఉదాహరణలతో. మేనేజర్లందర్నీ రాయ్‌పూర్‌లో కూర్చోబెట్టి, ఒక్కొక్క రేటింగునీ పక్కవాళ్ల రేటింగులతో పోల్చి ఖాయం చేస్తారు. అక్కడ నిలబడాలంటే గట్టి మాటలే కావాలి. మేనేజరు ఏం రాశాడో దాదా తన కంప్యూటరులో చదువుకున్నాడు. పనిలో వేగం లేదు, కొత్త పద్ధతులు నేర్చుకునే ఆసక్తి లేదు, తోటివారికి సహకారం తక్కువ.

చదివి, కళ్లజోడు తీసి, చాలాసేపు తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఆ మాటలు అబద్ధమని ఆయనకి తెలుసు, రాసినవాడికీ తెలుసు. అయినా ఆ రోజు నుంచి ఎవరైనా కాగితం పట్టుకెళ్తే, "నాకేం తెలుసమ్మా, నాకు సహకారం తక్కువ కదా," అనేవాడు. ముందు హాస్యానికే అనుకున్నాం. తర్వాత నిజంగానే చెప్పడం మానేశాడు.

రెండో ఏడు నా వంతు. మేనేజరు లోపలికి పిలిచి తలుపు వేశాడు.

"అమ్మా, నీకు ఇవ్వాల్సింది అది కాదు, నాకు తెలుసు. ఒక్క ఏడాది ఓర్చుకో. వచ్చే ఏడు పైకి తీస్త," అన్నాడు.

సరేనన్నాను. వంతు తీసుకుంటానని నేను మాటిచ్చింది అందరి ముందూ కదా. నా గురించి నేను రాసుకోవాల్సిన చోట కూడా నిజమే రాశాను. కొత్త సాఫ్ట్‌వేరు ఇంకా పూర్తిగా పట్టుబడలేదని, శిక్షణ ఇప్పిస్తే బాగుంటుందని. రాయ్‌పూర్ మీటింగులో నా రేటింగుకి ఆ వాక్యమే ఆధారమైంది. తన తప్పు తనే ఒప్పుకుంది కదా, ఇంకేం కావాలన్నారట.

రేటింగులు ఖాయమయ్యాక వచ్చింది కొత్త నియమం. అడుగున ఉన్నవాళ్లని మూడు నెలల మెరుగుదల ప్లాన్‌లో పెడతారు. ప్రతి వారం మేనేజరు లోపాలు రాయాలి. చివరికి తృప్తికరంగా లేకపోతే ఉద్యోగం ఉండదు.

ఆ రోజు గదిలో ఎవరూ నా వైపు చూడలేదు. నా వంతు తీసుకుంటానని ఎవరూ అనలేదు. ఎలా అంటారు? నేనైనా అనేదాన్ని కాదు.

ఇంట్లో మా ఆయనకి చెప్పాను. ఆయన నమ్మలేదు. "ఏదో ఒకటి చేసుంటావు. ఊరికే ఎందుకిస్తారు?" అన్నాడు. మా అమ్మయితే చెప్పుకోడానికి సిగ్గుపడింది. నాన్న సర్వీసంతా ఒక్క చార్జిషీటు లేకుండా గడిచిందని నాకు గుర్తు చేసింది. నేను వంట గదిలోకెళ్లి కుళాయి తిప్పి నిలబడ్డాను.

వారం వారం మేనేజరు ఎదురుగా కూర్చోవడం మొదలైంది. ఆయన నా కళ్లలోకి చూసేవాడు కాదు. ఒక వారం, నేను అప్పు కోసం వచ్చే పార్టీలతో దురుసుగా మాట్లాడుతున్నానని చెప్పాడు.

"ఇది నిజంగా చెప్తున్నారా సార్, లేకపోతే రాయడానికి చెప్తున్నారా?" అని అడిగాను.

ఆయన పెన్ను కింద పెట్టాడు. "నిజంగనే చెప్తున్నమ్మా. మొన్న ఆ ముసలాయన మీద గొంతు లేపినవ్. బయట కూచున్నోళ్లందరూ విన్నరు."

నేను నమ్మలేదు. ఇంటికెళ్లాక గుర్తొచ్చింది, గొంతు లేపిన మాట వాస్తవమే. నిద్రలేక, విసుగుతో, పాపం సిర్గిట్టి నుంచి వచ్చిన ఆ ముసలాయన మీద అరిచాను. కానీ అప్పటికే అన్ని అబద్ధాలు విని ఉన్నాను. వాటి మధ్యన వచ్చిన ఒక్క నిజాన్ని ఎలా పోల్చుకోను?

ఫైళ్లు ఒకరివి ఒకరు చూసుకోవడం ఎవరూ ఆపమనకుండానే ఆగిపోయింది. అడుగుకి పోయేది ఒక్కరే. పక్కవాళ్ల తప్పు సరిదిద్దితే వాళ్లు పైకి లేస్తారు, ఆ మేరకు మనం కిందికి దిగుతాం. ఈ లెక్క ఎవరూ బయటకి అనలేదు గానీ అందరికీ అర్థమైంది. టీ తాగడానికి కిందికి ఒక్కొక్కరే వెళ్లేవారు.

అప్పుడే జరిగింది ఆ మోప్కా ఫైలు సంగతి. ప్లాట్ల పటంలో ఒక నంబరు, అమ్మకం దస్తావేజులో ఇంకొకటి. నేను గమనించకుండా పంపేశాను. పై ఆఫీసు నుంచి మేనేజరుకి మెయిలొచ్చింది. ఆయన నన్ను పిలిచి స్క్రీను నా వైపు తిప్పాడు. తప్పు పట్టుకున్నది పై ఆఫీసు కాదు, చెల్లి. ఫైలు వెళ్లకముందు అది తిరగేయడం నాకు గుర్తుంది. అప్పుడు చెప్పకుండా, వెళ్లాక నేరుగా పైకి రాసింది.

మెట్ల దగ్గర దాన్ని ఆపాను.

"చూశావు కదా, నాకెందుకు చెప్పలేదు?"

అది గోడ వైపు చూసింది. "సెప్తే ఏటవుద్దక్కా? నువ్వు దిద్దుకుంటావు. నేను చూసినట్టు ఎవలికి తెలుస్తాది?"

"నాతో చెప్పాల్సింది."

"మా ఆయన కంపెనీ మూసీసినారు. నీకు తెలుసు కదా. పాపకి పాలు నా జీతంతోనే. పురిటి సెలవు మీద ఉన్నాను కాబట్టి పని తక్కువ సేసినానని ఈ ఏడు నన్ను కింద పెడదామనుకున్నారు. సార్ సెప్పినారు. నీ వంతుండబట్టి తప్పింది. వచ్చే ఏడు మళ్లీ ఒకలు పోవాల కదా. నువ్వు ఈ ఏడు ఎలాగూ..." అని ఆగిపోయింది.

"ఎలాగూ ఏమిటే?"

"మాఫ్ కరో, అక్కా," అంది. మెట్లు దిగి వెళ్లిపోయింది. తిట్టాలనుకున్నదాన్ని తిట్టకుండానే పైకి వెళ్లి నా బల్ల దగ్గర కూర్చున్నాను.

ప్లాన్ పూర్తయ్యేదాకా నేను ఆగలేదు. రాజీనామా ఇచ్చాను. మేనేజరు నన్ను ఆగమనలేదు. సంతకం పెట్టి, "ఇన్ని రోజులు నా చేతితోటి రాసినవేవీ నీ గురించి కాదమ్మా," అన్నాడు. అప్పటికి ఆ మాట నాకు ఎందుకూ పనికిరాలేదు. ఎన్నో చోట్ల అడిగాను. పాత కంపెనీలో ఆఖరి రేటింగు ఎంత అని అందరూ అడిగారు. చివరికి తెలిసినవాళ్ల చిన్న దుకాణంలో, సగం జీతానికి, బిల్లులు రాసే పని దొరికింది.

మరుసటి ఏడు నా కుర్చీలో ఎవర్నో వేశారని విన్నాను. మళ్లీ పదిమంది. కొత్తవాళ్లని మొదటి ఏడు అడుగున పెట్టకూడదని నియమమట. చెల్లిని పెట్టారు.

అది ఒక సాయంత్రం మా ఇంటికొచ్చింది. మెట్ల దగ్గర మాటల తర్వాత మేం మాట్లాడుకోలేదు. పాపని చంకనేసుకుని గుమ్మంలోనే నిలబడింది. లోపలికి రమ్మన్నాను. కూర్చుంది. మంచినీళ్లు తాగింది. పాప జుట్టు సవరిస్తూ అడిగింది.

"అక్కా, ఒక్క మాట నిజం సెప్పు. నేను పని బాగా సేస్తానా, సెయ్యనా? వాలు రాసింది చదివి చదివి నాకే తెలీట్లేదు. ఇంట్లో ఆయన్ని అడిగితే బానే సేస్తావంటాడు. ఆయనకేం తెలుసు. నువ్వు పక్కన కూచుని చూసినావు కదా."

అది మంచి పనిమంతురాలు. మా పదిమందిలో కాగితం చదవడంలో దాదా తర్వాత దానిదే చెయ్యి. ఆ మాటే చెప్పాను. తొందరపాటు ఎక్కువనీ, పెద్ద ఫైళ్లలో చివరి పేజీలు సరిగ్గా చూడదనీ, అది దిద్దుకుంటే చాలనీ కూడా చెప్పాను. ఒకప్పుడయితే బల్ల మీద పెన్నుతో కొట్టి, "హా, సరేలే" అని నవ్వేది.

ఇప్పుడు నా మొహంలోకి పరీక్షగా చూసింది. మొదటి సగం జాలిపడి చెప్పానేమోననీ, రెండో సగం పగబట్టి చెప్పానేమోననీ వెతుకుతోంది. నాకది అర్థమైంది. ఇంకోసారి చెప్పబోయాను గానీ, ఎలా చెప్తే నమ్ముతుందో తెలియలేదు.

"అచ్ఛా," అని లేచింది. పాపని భుజం మీద వేసుకుంది. దాని వెనకాలే వీధి దాకా వెళ్లాను. ఆటో వచ్చేదాకా ఇద్దరం నిలబడ్డాం.