తోడుగా వచ్చేవారి పేరు

విజయనగరంలో మా అమ్మ తరఫు బంధువుల పెళ్ళి. నన్నూ తీసుకెళ్దామని పిన్ని మా ఇంటికి వచ్చి చెప్పినప్పుడు నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. నాకు పుట్టుకతోనే చూపు లేదు. ఊరెళ్ళే ప్రయాణాల్లో నేను సాధారణంగా ఇంట్లో మిగిలిపోయే మనిషిని. "నువ్వెందుకమ్మా అంత దూరం, అలిసిపోతావు" అంటారు అందరూ, ప్రేమగానే. అలాంటిది పిన్ని గుమ్మంలోనే నిలబడి, "ఓలమ్మ, నువ్వు రావాల్సిందే. నువ్వు లేకపోతే కుదరదు" అంది. ఆ మాటని రెండు రోజులు నాలో నేనే మళ్ళీ మళ్ళీ అనుకుంటూ ఉన్నాను.

మేముండేది బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో. అక్కడ న్యూ సెటిల్‌మెంట్ అనే రైల్వే కాలనీలో ఒక చిన్న బడిలో పిల్లలకి పాట నేర్పుతాను. మా చర్చి పాటల బృందానికి కూడా నేనే శ్రుతి ఇస్తాను. పెళ్ళిలో పాడమంటారేమోనని రెండు పాటలు తయారు చేసుకున్నాను కూడా.

టికెట్టు చేయడానికి మర్నాడు పిన్ని కొడుకు వచ్చాడు. నాకంటే చిన్నవాడు, విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ చేస్తాడు. తాల్‌బగీచాలో వాళ్ళింటి నుంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చి, చెమట వాసనతో నా పక్కన కుర్చీలో కూర్చున్నాడు.

"అక్కా, అన్ని బళ్ళూ వెయిటింగే. అమ్మది వేరేగా చేసినాను, వెయిటింగ్ లిస్టులో ఉంది. మనిద్దరికీ దివ్యాంగుల కోటాలో సీట్లున్నాయి. నీ రైల్వే కార్డు తియ్యి" అన్నాడు.

చూపు లేనివాళ్ళకి రైల్వే వాళ్ళిచ్చే ఫొటో కార్డు అది. దాని నంబరు నాకు నోటికొచ్చు. నేను చెబుతుంటే వాడు ఫోనులో కొట్టాడు. తర్వాత నన్ను ఇంట్లో పిలిచే పేరే టైపు చేయబోయాడు.

"ఒరే, ఆ పేరు కాదు. కార్డులో ఇంటిపేరుతో సహా ఉంది. ఆధార్‌లోనూ అలాగే ఉంది. ఒక్క అక్షరం తేడా రాకూడదు" అన్నాను.

"వయసు ముప్పై రెండు వేసినాను అక్కా, సరేనా?"

"ముప్పై అయిదు. పుట్టినతేదీ కార్డు చూసి వెయ్యి."

"పెళ్ళికెళ్తన్నాం గదా, కాస్త తగ్గిస్తే ఏటి?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. కానీ అక్షరం అక్షరం చదివించుకున్నాను. రాయితీ అన్న చోట చూపులేనివారు అని ఎంచుకున్నాడా, నాకు కింది బెర్తు అడిగాడా, అన్నీ అడిగాను. తోడుగా వచ్చేవారి వివరాల్లో వాడి పేరు, వాడి వయసు వాడే వేసుకున్నాడు. అదీ ఆధార్‌లో ఉన్నట్టే వేశాడు. తోడు వచ్చే మనిషికి కూడా నాతో సమానంగా రాయితీ ఉంటుంది. టికెట్టు ఖాయమైందని ఫోను టింగుమంది. ఇద్దరం టీ తాగాం.

ప్రయాణం రోజు మధ్యాహ్నం ఆటోలో స్టేషనుకి వచ్చాం. అంటే నేనూ, పిన్నీ. తమ్ముడు నేరుగా స్టేషనుకే వస్తాడనుకున్నాను. ప్లాట్‌ఫారం మీద బెంచీలో కూర్చున్నాక అడిగాను, వాడింకా రాలేదేమని.

"వాడికి డ్యూటీ పడిపోయినాది. సెలవివ్వలేదంట" అంది పిన్ని, బ్యాగులోంచి నీళ్ళ సీసా తీస్తూ.

"మరి నీ టికెట్టు?"

"అది ఖాయం కాలేదు. చార్టు అయిపోయాక దానంతటదే రద్దయిపోయినాదంట. అయినా ఏటిలే. వాడి బెర్తు ఖాళీయే గదా. నీకు తోడు ఎవులో ఒకరు ఉండాలి. వాడైతేనేటి, నానైతేనేటి."

"పిన్నీ, టికెట్టు మీద వాడి పేరుంది. మగ మనిషి, ఇరవై తొమ్మిదేళ్ళు అని ఉంటుంది" అన్నాను.

"నీ కార్డు చూస్తే ఇంకేటీ అడగరు. నాకు తెలుసు" అని నా చెయ్యి నొక్కింది. అప్పుడే బండి వస్తోందని మైకులో చెప్పారు. పోర్టర్లు అరుస్తున్నారు, జనం లేచారు. నేను ఇంకేమీ అనలేదు. అనాల్సింది. కానీ నేను రాను అంటే పెళ్ళికెళ్ళడం ఆగిపోతుంది. నా రెండు పాటలు ఆగిపోతాయి. అది నా మనసులో ఉందని నాకు తెలుసు.

బండి కదిలింది. స్లీపర్ బోగీలో నాది కింది బెర్తు, నా పైన మధ్య బెర్తు తమ్ముడిది. ఎదురు సీట్లో ఒక బెంగాలీ కుటుంబం, వాళ్ళ మాటలనిబట్టి దారిలో దిగి పూరీ వెళ్ళేవాళ్ళు. కిటికీ దగ్గర ఎవరో పెద్దాయన మరమరాల పొట్లం విప్పాడు, ఆవనూనె వాసన గుప్పుమంది. పిన్ని స్థిమితపడి, తెచ్చిన పులిహోర డబ్బా మూత తీస్తూ ఉంది.

టికెట్ కలెక్టరు బాలాసోర్ రాకముందే వచ్చాడు. మాట నెమ్మదిగా, మర్యాదగా ఉంది. హిందీలో, "దీదీ, మీ ఒరిజినల్ కార్డు చూపించండి" అన్నాడు. ఇచ్చాను. చూసి, నా పేరు చదివి, "ఠీక్ హై" అని తిరిగి నా చేతిలోనే పెట్టాడు. చేతిలో పెట్టేవాళ్ళు తక్కువ. చాలామంది పక్కనున్నవాళ్ళకిస్తారు.

"మీతో వచ్చినవారు?"

"నానే సార్" అంది పిన్ని.

ఆయన చేతిలో మిషను ఉంటుంది కదా, అందులో చూస్తున్నాడు కాబోలు.

"ఇక్కడ మగవారి పేరుంది. వయసు ఇరవై తొమ్మిది. మీ ఆధార్ ఇవ్వండి."

పిన్ని ఆధార్ తీసి ఇచ్చింది. "పేరు పొరపాటు పడిపోయినాది సార్. పిల్లోడు ఫోనులో చేసినాడు, నా పేరుకి బదులు వాడి పేరు కొట్టేసినాడు" అంటూ నా మోకాలి మీద వేలితో పొడిచింది. నన్నూ అదే చెప్పమని.

ఆయన నా వైపు తిరిగాడని గొంతు వచ్చిన దిక్కునిబట్టి తెలిసింది. "దీదీ, అది నిజమా? టికెట్టు చేసేటప్పుడు ఈవిడ పేరే ఇవ్వమన్నారా?"

ఎదుటి సీటువాళ్ళ మాటలు ఆగిపోయాయి. మరమరాలు నమలడం కూడా ఆగింది. అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాను, నిజంగానే తెరిచాను. కానీ ఆ పేర్లు నేను దగ్గర కూర్చుని చదివించుకున్నవి. ఆ కార్డు నాది. దాన్ని దుర్వినియోగం చేశారని ఎవరైనా రాస్తే అది పోతుంది. రేపు నేను ఒంటరిగా ఎక్కడికెళ్ళాలన్నా అదే నాకు దారి.

"లేదు సార్. టికెట్టు మా తమ్ముడిదే. వాడు రాలేదు. ఈవిడ మా పిన్ని" అన్నాను.

పిన్ని చెయ్యి నా మోకాలి మీంచి తీసేసింది.

"చూడండి మాతాజీ," అన్నాడు ఆయన, గొంతు పెంచకుండానే. "తోడు రాయితీ ఎవరి పేరు మీద ఉంటే వాళ్ళకే. ఆయన రాలేదు కాబట్టి మీకు టికెట్టు లేనట్టే. పాతది రద్దు చేసుకుని మీ పేరు మీద సరిగ్గా తీసుకోవాల్సింది. ఈ దీదీ టికెట్టుకి ఏ ఇబ్బందీ లేదు. ఆమె తోడు లేకుండానూ వెళ్ళొచ్చు."

అప్పుడు పిన్నికి కోపం వచ్చింది. ఆ కోపంలోనే, తెలుగు హిందీ కలిపేసి, బోగీ అంతా వినబడేలా అంది: "అలగైతే ఎలగ సార్? ఈ పిల్లని తెచ్చిందే కోటా కోసం! లేకపోతే మాకు సీటెక్కడ దొరుకుద్ది? ఈ గుడ్డిపిల్లని అంత దూరం ఊరికే ఎందుకు మొయ్యాలి?"

అన్న వెంటనే ఆగిపోయింది. తను ఏమందో తనకే వినబడినట్టుంది.

ఎదుటి సీట్లో ఆడమనిషి బెంగాలీలో 'అయ్యో' అన్నట్టు చిన్నగా ఏదో అంది. నన్నంతమంది చూస్తున్నారని చర్మానికి తెలుస్తుంది, ఎండ తగిలినట్టు. నేను చున్నీ అంచుని వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాను. సిగ్గుతో చచ్చిపోవడం అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. పిన్ని అన్నదానికి కాదు. "నువ్వు లేకపోతే కుదరదు" అన్న మాటని నేను ఎలా నమ్మానో, ఎంత మురిసిపోయానో గుర్తొచ్చి. రెండు పాటలు తయారు చేసుకున్నానే, దానికి.

పిన్ని ఛార్జీ, జరిమానా కట్టింది. ఆయన రసీదు రాసిచ్చాడు. మధ్య బెర్తు ఇంకొకరికి వెళ్ళిపోయింది. ఆర్‌ఏసీ టికెట్టుతో, ఇంకొకరితో పంచుకున్న సగం బెర్తు మీద ప్రయాణం చేస్తున్న ఒక ముసలాయనకి ఇచ్చినట్టున్నారు. ఆయన సంచీ పైకెక్కించి, "భగవాన్ భలా కరే" అంటూ ఎవరినో దీవించాడు. పిన్నికి కూర్చునే చోటు కూడా లేదు.

"ఇలా కూర్చో పిన్నీ" అని నేను కిటికీ వైపు జరిగాను.

కూర్చుంది. నా చెవి దగ్గరికి వంగి, ఎవరికీ వినబడకుండా అంది: "అందరి ముందూ నా పరువు తీసేసినావు."

"నేను అబద్ధం చెప్పలేకపోయాను."

"నాను అన్నది..." అని ఆగింది. పులిహోర నా చేతిలో పెట్టింది. నేను తిన్నాను. ఆకలి లేదు, కానీ తినకపోతే అదొక మాటవుతుంది.

పెళ్ళి బాగానే జరిగింది. నన్ను ఎవరూ పాడమనలేదు, నేనూ అడగలేదు. బంధువులు వచ్చి, "ఎలా వచ్చావమ్మా, ఎవరు తెచ్చారు?" అని అడిగినప్పుడల్లా పిన్ని పక్కనే ఉంటే కదిలి వెళ్ళిపోయేది. నేను "బండిలో" అనేదాన్ని. తిరుగు ప్రయాణానికి పిన్ని వేరే బంధువులతో ఒక రోజు ముందే వెళ్ళిపోయింది. నా టికెట్టు నేనే చేసుకున్నాను, నా ఫోను అక్షరాలు చదివి వినిపిస్తుంటే. తోడు వద్దు అని పెట్టేటప్పుడు ఒక్క క్షణం వేలు ఆగింది. ఇంకెవరినీ అడగాలనిపించలేదు.

ఖరగ్‌పూర్‌లో దిగేసరికి తెల్లారి ఎండెక్కింది. ఎక్కడి నుంచో పిన్ని గొంతు వినిపించింది. నేను వచ్చే బండి తనకెలా తెలిసిందో అడగలేదు. దగ్గరికొచ్చి నా బ్యాగు అందుకుంది.

"ప్లాట్‌ఫారం టికెట్టు తీసుకునే వచ్చినాను" అంది.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తన భుజం మీద చెయ్యి వేశాను. ఇద్దరం మెట్లెక్కాం.