అద్దం ముందు ఐదు నిమిషాలు

ఆ వీధిలో అందరూ ఆమెను కుట్టక్క అనేవారు. బడి యూనిఫారాలు, కిటికీ తెరలు, వదులైన ప్యాంట్లు బిగించడం ఆమె పని. కొట్టు చిన్నదే గానీ అందులో నిలువుటద్దం పెద్దది. ఆ అద్దం ముందు ఎవరైనా నిలబడితే భుజం ఎక్కడ జారిందో, అంచు ఎక్కడ వంకర పోయిందో ఆమె క్షణంలో పట్టేసేది. ఒకసారి కంటబడ్డ తప్పును సరిచేయకుండా వదిలితే ఆమెకు ముద్ద దిగేది కాదు.

కత్తిరింపు బల్ల కింద ఆమె కూతురి రాజ్యం. పీలికలూ, ఖాళీ దారపు రీళ్లూ దాని సంపద. లేచింది మొదలు నిద్రపోయేదాకా నోరు మూతపడదు కాబట్టి వసపిట్ట అని పేరు పడింది. "అమ్మా, ఈ చొక్కా గుండీ లాలిపోయింది. ఆ మామయ్య పొట్ట పెలిగింది, అందుకే లాలిపోయింది," అని ఆ మామయ్య ఎదుటే అనేసేది. ఆయన పొట్ట పట్టుకుని నవ్వేవాడు. "ఏదీ, రైలు అను," అనేవాడు. "లైలు!" అనేది పిల్ల గర్వంగా. కొట్టంతా నవ్వు. కుట్టక్క కూడా మిషన్ ఆపి నవ్వేది.

"దానికదే వస్తుందిలే. దీని నాన్నా ఇంతే, ఎంతో పెద్దయ్యేదాకా రాయిని లాయి అనేవాడు. ఇప్పుడు చూడు, వాడి నోరు మూయించగలమా!" అనేది అత్తగారు.

ఆ మాట పట్టుకునే రోజులు గడిపేశారు. పిల్లకు ఆరు నిండాయి, ఏడు నిండాయి. మిగతా అక్షరాలన్నీ చక్కగా కుదురుకున్నాయి, ఒక్క 'ర' తప్ప. కొట్లో ముద్దొచ్చిన మాట తరగతిలో ఎగతాళి అయింది. ఒకరోజు పిల్ల ఇంటికొచ్చి, "అమ్మా, నన్ను చదవమంటే అందలూ నవ్వుతున్నాలు," అంది. ఏడవలేదు. గుండీలు తీసిన చొక్కాలా ఉంది దాని ముఖం.

ఆ పూటే కుట్టక్క నడుం బిగించింది. ఫోనులో ఎవరో చెప్పగా విన్నది: నోట్లో నీళ్లు పోసుకుని గరగరలాడిస్తే 'ర' దానంతటదే పలుకుతుందట. కొట్టు మూశాక పిల్లను అద్దం ముందు నిలబెట్టింది.

"గొంతులోంచి లాగు. ఇంకా. ర్‌ర్‌ర్."

"అమ్మా, నొప్పి..."

"ఒక్కసారి సరిగ్గా అను, అన్నం తిందాం."

రోజూ ఇదే వరస. అన్నం చల్లారిపోయేది. "పసిదాన్ని ఏం చేస్తున్నావే?" అని అత్తగారు గొణిగితే, "మీరు ఆగమన్నారనే ఇన్నాళ్లు ఆగాను అత్తయ్యా," అనేది కుట్టక్క. చివరికి ఒక సాయంత్రం పిల్ల గొంతులోంచి గీరినట్టు ఒక శబ్దం వచ్చింది. 'ల' కాదు, అంతవరకూ స్పష్టం. కుట్టక్క దాన్ని ఎత్తుకుని గిరగిరా తిప్పింది. "వచ్చేసింది! మా బంగారుతల్లికి వచ్చేసింది!"

మర్నాటి నుంచి పిల్ల అన్ని మాటల్లోనూ ఆ గీరుడే పెట్టింది. తరగతిలో నవ్వు పోలేదు సరికదా, కొత్త పేరొచ్చింది, గుర్రుపిల్లి అని. దాని వెనక నిలబడి గొంతు గీరుతూ గుర్రుమనేవారు.

వసపిట్ట మాటలు ఒక్కరోజులో ఆగిపోలేదు. ముందు బడిలో ఆగాయి. తర్వాత కొట్లో. పొట్ట మామయ్య "రైలెక్కడ పోయిందమ్మా?" అంటే బల్ల కిందికి ఇంకా లోపలికి జరిగింది. ఆ తర్వాత ఇంట్లో కూడా తలూపడాలూ, వేలు చూపించడాలే మిగిలాయి.

అప్పుడు కుట్టక్క పిల్లను పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది. అక్కడ మాటల వైద్యురాలి గది ఒక పక్కగా ఉంది. చిన్న బల్ల, చిన్న కుర్చీలు, గోడకొక అద్దం. అద్దాన్ని చూడగానే పిల్ల అమ్మ వెనక్కి చేరింది. వైద్యురాలు ముందు చెవులు పరీక్ష చేయించింది, వినికిడి బాగానే ఉంది. బొమ్మలు పరిచి, చాలాసేపు ఆడాక, ఎలాగో రెండు మాటలు పలికించి వింది.

"ఈ గొంతు 'ర' ఎక్కడ నేర్చుకుంది?"

కుట్టక్క చెప్పింది, నీళ్లతో సహా.

"మన 'ర' గొంతులో పుట్టదమ్మా. పై పళ్ల వెనక చిగుళ్ల గట్టు ఉంటుంది చూడండి, నాలుక కొన అక్కడ ఆడాలి. గరగరలాడిస్తే నాలుక వెనకభాగం అలవాటు పడుతుంది. ఇప్పుడు ముందు దీన్ని మాన్పించాలి, ఆ తర్వాతే అసలుది."

కుట్టు విప్పడం కుట్టడం కంటే ఎంత కష్టమో కుట్టక్కకు ఎవరూ చెప్పక్కర్లేదు. విప్పినచోట గుడ్డ మీద సూది గాట్లు ఉండిపోతాయి.

"ఇంట్లో ఏం చేయాలి మేడం? చెప్పండి, ఎంతసేపైనా చేయిస్తాను."

"ఎంతసేపైనా వద్దు. ఐదు నిమిషాలు చాలు, ఆటలాగా. ఆ గట్టు మీద తేనె చుక్క పెట్టి నాలుక కొనతో తాకమనండి, చోటు తెలియడానికి. చోటు తెలిశాక తేనె అక్కర్లేదు. తర్వాత అదే చోట నాలుకను తేలిగ్గా, వేగంగా తాకిస్తూ 'డడడ' అనిపించండి. అందులోంచే 'ర' జారుతుంది. ఒట్టి శబ్దం కుదిరాక రా, రీ, రూ. తర్వాత మాటలు. ఆ తర్వాతే వాక్యాలు. మెట్టు దాటించొద్దు. మామూలు కబుర్లలో తప్పు పట్టకండి. 'లంగు బాగుంది' అంటే 'అవును, రంగు బాగుంది' అని మీరు అనేసి ఊరుకోండి."

"ముందే తీసుకురావాల్సింది కదా?"

వైద్యురాలు బొమ్మలు సర్దుతూ చెప్పింది. "ఆరు దాటినా 'ర' రాకపోతే ఒకసారి చూపించాలమ్మా. చాలా అక్షరాలు పోతున్నా, బయటివాళ్లకి మాట అర్థంకాకపోయినా, చెవి మీద అనుమానమున్నా, పిల్ల మాట్లాడ్డానికి జంకుతున్నా వయసు చూడకుండా రావాలి."

"వచ్చేస్తుందా మరి?"

"'ర' దిద్దుకోవచ్చు. ముందు పిల్ల మాట్లాడాలి కదా. అది ఎప్పటికో నేను చెప్పలేను. వారం వారం తీసుకురండి. బడిలో టీచరుతో నేను మాట్లాడతాను."

బస్సులో కిటికీ పక్కన కూర్చున్న పిల్ల ఒక్క మాటైనా అనలేదు. ఇదివరకైతే ఎక్కింది మొదలు దిగేదాకా కండక్టరుతో సహా అందరికీ ప్రశ్నలే.

ఇప్పుడు కుట్టక్క అన్నీ చెప్పినట్టే చేస్తోంది. తేనె చుక్క పెడుతుంది. తనే ముందు అద్దంలో చూస్తూ 'డడడ' అంటుంది, నవ్వించబోతుంది. పిల్ల మాత్రం అద్దంలో తన నోటిని చూసుకోదు. అమ్మ ముఖమే చూస్తుంది, అక్కడ ఏ తప్పు కనబడుతోందోనని. ముఖాన్ని ఎలా పెట్టుకోవాలో కుట్టక్కకు తెలియడం లేదు. తప్పు వెతికి వెతికి ఆ కళ్లకు వేరే చూపు రాదు.

"ఎర్ర దారం ఇవ్వమ్మా," అంటుంది పగలు, మిషన్ దగ్గర. "ఎల్ల దాలం ఎందుకు? ఎవలికి?" అని పిల్ల వెనకటిలా అడుగుతుందేమోనని చెవి ఒగ్గుతుంది. బల్ల కింద నుంచి ఒక చిన్న చెయ్యి పైకొస్తుంది. సరైన రంగే. చెయ్యి మళ్లీ లోపలికి పోతుంది.

"పోనీలేవే, ఆ 'ల'తోనే ఉండనివ్వాల్సింది," అంది అత్తగారు ఒకరోజు తెరలు మడతపెడుతూ. కుట్టక్కకు సూదిలోకి దారం ఎక్కలేదు.

ఆ సాయంత్రం కూడా అద్దం ముందు కూర్చున్నారు. "నువ్వు చెయ్యకపోయినా ఫర్వాలేదు తల్లీ, నన్ను చూడు చాలు," అంది కుట్టక్క. పిల్ల చూసింది. చాలాసేపటికి నెమ్మదిగా నోరు తెరిచింది. నాలుక కొన పైకి లేచి, పళ్ల వెనక గట్టును అచ్చంగా తాకాల్సిన చోటే తాకింది, వేగంగా, తేలిగ్గా, మళ్లీ మళ్లీ. లోపం ఎంచడానికి ఏమీ లేదు.

శబ్దం మాత్రం రాలేదు. కుట్టక్క ఊపిరి బిగబట్టి వింటూనే ఉంది. అద్దంలో పిల్ల నాలుక ఆడుతూనే ఉంది, చప్పుడు లేకుండా, అమ్మ ముఖం మీంచి చూపు తిప్పకుండా.